కోపం తీసేసిన ఉత్తరంలో గడువు మిగిలిందా?

ప్రశ్న: గుంటూరులో మా పెదనాన్న గారి ఎండుమిర్చి వ్యాపారంలో లెక్కలు చూస్తున్నాను. చెన్నైకి పంపిన సరుకు కొంత లారీలో తడిసింది. ఆయన కోపం మీద లారీ ఆఫీసుకు ఉత్తరం రాసి, "దీన్ని కాస్త మర్యాదగా మార్చి పంపించమ్మా" అని నా చేతికిచ్చారు. మార్చాను. చదివి, "బాగానే ఉంది గానీ, నేను చెప్పిన మాట ఇందులో లేదు" అన్నారు. ఏది పోయిందో నాకు తెలియడం లేదు. రెండు ప్రతులూ, ఎల్‌ఆర్ అనే లారీ రసీదు నకలూ జత చేస్తున్నాను. మెత్తగా మార్చినప్పుడు అసలు మాట చెడలేదని ఎలా సరిచూసుకోవాలి? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ పెదనాన్న గారి అనుమానం సరైనదే. మీ ప్రతిలో నాలుగైదు చోట్ల మాట మారింది గానీ, వాటిలో అన్నిటికంటే ఖరీదైనది మీరు ఏ మార్పూ చేయలేదని అనుకున్న వాక్యంలోనే ఉంది. ఆయన "కడితే 20వ తేదీకి మిగిలిన కిరాయి 32,000 పడేస్తాం" అని రాశారు. మీరు "మిగిలిన కిరాయి రూ. 32,000 జూన్ 20వ తేదీకి చెల్లిస్తాము" అని రాశారు. అంకె ఉంది, తేదీ ఉంది, చెల్లిస్తామన్న మాట కూడా గట్టిగానే ఉంది. పోయింది "కడితే" ఒక్కటే. ఆ ఒక్క మాట పోవడంతో, నష్టం కట్టించుకున్నాకే ఇస్తామన్న డబ్బు, నష్టం కట్టినా కట్టకపోయినా ఇచ్చే డబ్బు అయిపోయింది. ఈ ఉత్తరం అలాగే వెళ్ళి ఉంటే, జూన్ 20 దాటగానే లారీ ఆఫీసు వారు మీ అక్షరాలే మీకు చూపించి కిరాయి అడిగేవారు.

తక్కిన పాఠకులకు కూడా విషయం తెలియాలి కనుక, రెండు ప్రతుల్లోని ముఖ్యభాగాలను ఇక్కడ ఇస్తున్నాను. టిక్కీ అంటే మిర్చి బస్తా. మే 30న పెదనాన్న గారు రాసినది ఇది:

"మీ వాళ్ళకు కళ్ళు నెత్తికెక్కాయి. చిరిగిన పట్టా కప్పి సరుకంతా తడిపారు. 18 టిక్కీలు నాశనం, దించేటప్పుడే ఎల్‌ఆర్ మీద రాయించాం. ఇది మూడోసారి, సిగ్గుండాలి. మీ డ్రైవరు ఏ దాబా దగ్గరో తాగి పడుకొని ఉంటాడు. 14వ తేదీ లోపల 94,500 కట్టి తీరాలి. కడితే 20వ తేదీకి మిగిలిన కిరాయి 32,000 పడేస్తాం. కట్టకపోతే జూలై 1 నుంచి మీ లారీ మా గేటు దాటదు, కోర్టుకు లాగుతాం."

మీరు మార్చినది ఇది:

"ఇటీవల మీ వాహనంలో పంపిన మిర్చి కొంత తడిసినట్లు మా దృష్టికి వచ్చింది. డ్రైవరు నిర్లక్ష్యం వల్ల జరిగిన ఈ సంఘటనకు విచారిస్తున్నాము. గతంలోనూ ఇటువంటి స్వల్ప ఇబ్బందులు ఎదురయ్యాయి. నష్టపరిహారం విషయాన్ని వచ్చే నెల మధ్యకల్లా పరిశీలించగలరని మనవి. మిగిలిన కిరాయి రూ. 32,000 జూన్ 20వ తేదీకి చెల్లిస్తాము. సమస్య పరిష్కారం కాని పక్షంలో మీ సేవలను కొనసాగించే విషయం పునరాలోచించవలసి రావచ్చు. ఎప్పటిలాగే మా సహకారం మీకు ఉంటుంది."

సరిచూడడానికి చాలామంది చేసే పని ఏమిటంటే, రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టుకొని పైనుంచి కిందికి చదవడం. దానివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. పక్కనే అసలు ప్రతి ఉన్నప్పుడు, కొత్త ప్రతిలో లేని "కడితే" కూడా ఉన్నట్టే మన కంటికి అనిపిస్తుంది, ఎందుకంటే ఆ షరతు అప్పటికే మన బుర్రలో ఉంది. మీకు ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే. అవతల లారీ ఆఫీసులో ఉత్తరం విప్పే మనిషి బుర్రలో ఆ షరతు ఉండదు.

అందుచేత మొదట అసలు ఉత్తరాన్ని, కోపమంతా తీసి పక్కన పెట్టి, పొడి మాటల్లోకి దించుకోండి. ప్రతి వాక్యాన్నీ ఎవరు, ఏమి చేయాలి, ఎంత, ఎప్పటిలోగా, ఏ షరతు మీద, ఈ సంగతి మనకెలా తెలుసు అని అడగండి. మీ పెదనాన్న గారి ఉత్తరంలో ఈ ప్రశ్నలకు నిలిచేవి ఇవి: 18 టిక్కీలు తడిశాయి, అది దించేటప్పుడు ఎల్‌ఆర్ మీద రాయించారు; పట్టా చిరిగి ఉంది; ఇలా జరగడం మూడవసారి; లారీ ఆఫీసు వారు 14వ తేదీ లోపల రూ. 94,500 కట్టాలి, కడితే మీరు 20వ తేదీకి రూ. 32,000 కిరాయి ఇస్తారు. కట్టకపోతే జూలై 1 నుంచి వారి లారీల్లో సరుకు ఎక్కించరు. కోర్టుకు కూడా వెళ్తారు. డ్రైవరు తాగి పడుకొని ఉంటాడన్నది ఒక ఊహ. తక్కినదంతా, అంటే కళ్ళు నెత్తికెక్కడం, సిగ్గుండడం, లాగడం, పడేయడం, అదంతా కోపం. మీరు తీసేయవలసింది ఈ కోపాన్ని మాత్రమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తిట్టు ఉన్న వాక్యం మొత్తం తిట్టే అనుకొని కొట్టేస్తే, దాని లోపల ఇరుక్కొని ఉన్న సమాచారం కూడా దానితో పాటు పోతుంది. "ఇది మూడోసారి, సిగ్గుండాలి" అన్న వాక్యం మీ చేతిలో "గతంలోనూ ఇటువంటి స్వల్ప ఇబ్బందులు ఎదురయ్యాయి" అయింది. సిగ్గు పోవలసిందే. మూడవసారి అన్నది మాత్రం లెక్క, అది ఉండాలి. పైగా "స్వల్ప" అన్న మాట పెదనాన్న గారు ఎక్కడా అనలేదు. ఇంతకు ముందు జరిగినవి చిన్నవేనని మీ అంతట మీరే ఒప్పుకున్నట్టయింది. రేపు పాత నష్టాల ప్రస్తావన వస్తే అవతలి వారికి ఈ మాట ఒక్కటి చాలు. "చిరిగిన పట్టా" సంగతి కూడా ఇలాగే, కోపంగా ఉన్న వాక్యంలో ఉన్నందువల్ల, మీ ప్రతిలోకి రాకుండానే పోయింది.

పొడి మాటల జాబితా తయారయ్యాక, మీ కొత్త ప్రతి నుంచి కూడా అలాంటి జాబితాయే తీయాలి. అది మీరు తీయకూడదు. అసలు ఉత్తరం చూడని మనిషి, ఆఫీసులో గుమాస్తా గారైనా, ఇంట్లో మీ తమ్ముడైనా, కొత్త ప్రతిని ఒక్కసారి చదివి, కాగితం పక్కన పెట్టి చెప్పాలి: లారీ ఆఫీసు వారు ఏమి చేయాలి, ఎప్పటిలోగా, చేస్తే మీరేమి ఇస్తారు, చేయకపోతే ఏమవుతుంది. మీ ప్రతిని చదివిన వారెవరైనా ఇలా చెబుతారు: "వాళ్ళు నష్టం సంగతి ఎప్పుడో ఒకప్పుడు చూడాలట, మనం 20వ తేదీకి కిరాయి కట్టేస్తామట, ఆ తరువాత ఏమిటో తేల్చలేదు." రూ. 94,500 అన్న అంకె వారి నోట రాదు, ఎందుకంటే అది మీ ప్రతిలో అసలు లేనే లేదు. అడగవలసిన మొత్తం పోయి, ఇవ్వవలసిన మొత్తం మాత్రమే ఉత్తరంలో మిగిలింది.

తరువాత రెండు జాబితాలనూ రెండు దిక్కుల నుంచీ పోల్చాలి. పాత జాబితాలో ఉండి కొత్తదానిలో లేనివి పోయినవి. కొత్తదానిలో ఉండి పాతదానిలో లేనివి మీరు చేర్చినవి. పోయినవాటి కోసం అందరూ వెతుకుతారు గానీ, చేర్చినవాటి కోసం వెతికేవారు తక్కువ. మర్యాద వాక్యాల్లో కొత్త హామీలు చాలా సులువుగా దూరుతాయి. "ఎప్పటిలాగే మా సహకారం మీకు ఉంటుంది" అన్నది ఉత్తరం చివర అలవాటుగా పెట్టే మాటే కావచ్చు. కానీ జూలై 1 నుంచి లారీ గేటు దాటదని చెప్పవలసిన ఉత్తరంలో అది ఆ మాటను నేరుగా కొట్టేస్తుంది. "విచారిస్తున్నాము" కూడా చేరినదే. నష్టపోయినవారు విచారించడమేమిటో చదివినవారికి అర్థం కాదు.

ఇక నిశ్చయం సంగతి. అసలు ఉత్తరంలో ఏ మాట ఎంత గట్టిగా చెప్పారో, మెత్తని ఉత్తరంలోనూ అంతే గట్టిగా ఉండాలి, తగ్గనూ కూడదు, పెరగనూ కూడదు. తెలుగులో ఈ గట్టిదనం దాదాపు అంతా వాక్యం చివరి క్రియలోనే ఉంటుంది. అందుకని ఒక కాగితం మీద గీత గీసి, ఎడమవైపు పాత ప్రతిలోని క్రియలను, కుడివైపు వాటి స్థానంలో మీరు వాడినవాటిని రాయండి. "కట్టి తీరాలి" ఎదురుగా "పరిశీలించగలరని మనవి" వస్తుంది. ఇక్కడ మారింది గట్టిదనం ఒక్కటే కాదు, పనే మారిపోయింది. పరిశీలించి, "పరిశీలించాము, కుదరదు" అని రాసినా వారు మీ మనవిని మన్నించినట్టే. "గేటు దాటదు" ఎదురుగా "పునరాలోచించవలసి రావచ్చు" వస్తుంది. "పునరాలోచించడం" ఒక మెట్టు తగ్గింపు, "వలసి రావడం" ఇంకొక మెట్టు, "వచ్చు" మరొక మెట్టు. ఒక్కొక్కటి విడిగా చూస్తే మర్యాదగానే కనిపిస్తుంది. మూడూ కలిస్తే హెచ్చరిక కాస్తా గాలిలో కలిసిపోయింది. "పడేస్తాం" ఎదురుగా "చెల్లిస్తాము" మాత్రం చక్కగా కుదిరింది. అంత మర్యాద చాలు, అంతకంటే వంగవలసిన పని లేదు.

మీరు చెప్పే విషయాల్లో గట్టిదనం ఇంకొక రకంగా మారుతుంది. మీరు జత చేసిన ఎల్‌ఆర్ నకలు చూశాను. 240 టిక్కీలు, మే 12న బుకింగ్, చెన్నైలో దించినప్పుడు "18 తడిసినవి" అని రాసి ఉంది, కింద డ్రైవరు సంతకం ఉంది. మీ చేతిలో ఇంతకంటే గట్టి కాగితం లేదు. అలాంటిదాన్ని మీరు "కొంత తడిసినట్లు మా దృష్టికి వచ్చింది" అన్నారు. "తడిసినట్లు", "దృష్టికి రావడం" అన్నవి ఎవరో చెబితే విన్నప్పుడు వాడే మాటలు. అవతలి మనిషి సంతకం పెట్టి ఒప్పుకున్నదాన్ని మీరే అనుమానంగా చెప్పినట్టయింది. 18 అన్న అంకె "కొంత" కావడం దానికి తోడు.

దీనికి పూర్తిగా ఎదురుదిక్కున డ్రైవరు మాట మారింది. పెదనాన్న గారు అంత కోపంలోనూ "తాగి పడుకొని ఉంటాడు" అనే రాశారు, "పడుకున్నాడు" అనలేదు. ఆయన చూడలేదు, చూశానని అనలేదు కూడా. మీరు తాగుడు మాట తీసేసి మర్యాద కోసం "డ్రైవరు నిర్లక్ష్యం వల్ల జరిగిన ఈ సంఘటన" అన్నారు. తిట్టు పోయింది నిజమే, కానీ ఊహ నిజమైపోయింది. "వల్ల జరిగిన" అని విశేషణంలా ఒక పక్కన పెట్టిన మాటను ఎవరూ ప్రశ్నించరు, రాసినవారు కూడా గమనించరు. అయినా అది ఒక ఆరోపణే, దానికి రుజువు మీ దగ్గర లేదు. మెత్తబరచడమంటే ఎప్పుడూ తగ్గించడమే అనుకుంటాము గానీ, పచ్చి మాట తీసి ఆఫీసు మాట పెట్టినప్పుడు ఊహలు ఇలా నిజాలుగా గట్టిపడుతుంటాయి. క్రియల కాగితం మీద ఇది దొరకదు, ఎందుకంటే ఇక్కడ క్రియ వాక్యం మధ్యలో దాక్కుంది. అందువల్ల "జరిగిన", "చేసిన", "వల్ల", "కారణంగా" అన్న మాటలున్న చోట ప్రత్యేకంగా ఆగి, ఇది మనకు తెలుసా, అనుకుంటున్నామా అని అడగాలి.

తేదీల విషయంలో మీ ప్రతిలో ఒక ప్రమాదం తప్పింది, ఒకటి తప్పలేదు. పెదనాన్న గారు నెల పేరు రాయకుండా "14వ తేదీ", "20వ తేదీ" అన్నారు. కిరాయి దగ్గర మీరు "జూన్" చేర్చడం మంచి పని. కానీ నష్టం గడువును "వచ్చే నెల మధ్యకల్లా" అన్నారు. మే 30న కూర్చొని రాసేటప్పుడు వచ్చే నెల అంటే జూన్. ఈ ఉత్తరం సవరణలతో మూడు రోజులు ఆలస్యమై జూన్ 2వ తేదీ వేసి వెళ్తే, అదే మాటకు జూలై అని అర్థం వస్తుంది. ఒక్క అక్షరం మార్చకుండానే గడువు నెల రోజులు జరిగిపోతుంది, అది కూడా జూలై 1న లారీలు ఆపుతామన్న హెచ్చరిక తరువాతికి. "ఈ నెల", "వచ్చే వారం", "మరో పది రోజుల్లో" వంటివి పంపే రోజు మీద ఆధారపడతాయి కనుక, మార్చిన ఉత్తరంలో వాటికి బదులు నెల, తేదీ, వీలైతే వారం కూడా రాయాలి. వారం రాయడం వల్ల ఇంకొక లాభం ఉంది: రాసేటప్పుడు క్యాలెండరు చూడక తప్పదు.

అలా చూస్తే మీకో సంగతి కనిపిస్తుంది. 2025 జూన్ 14 రెండవ శనివారం, బ్యాంకులకు సెలవు. ఆన్‌లైన్‌లో పంపే డబ్బు ఏ రోజైనా చేరుతుంది గానీ, వారు చెక్కు ఇచ్చే అలవాటున్నవారైతే, శనివారం చెక్కు మీ చేతికొచ్చినా డబ్బు ఆ రోజు ఖాతాలోకి రాదు. అప్పుడు గడువు లోపల కట్టినట్టా, కానట్టా? ఇది పెదనాన్న గారు తేల్చవలసిన విషయం. మీరు సర్దుబాటుగా 16వ తేదీ సోమవారం అని మార్చేయకూడదు. రెండు రోజులే కదా అనిపిస్తుంది, కానీ గడువు ఆయనది. "14వ తేదీ లోపల" అన్నప్పుడు 14 కలుస్తుందా, 13తో ఆగుతుందా అన్నదాని మీద కూడా జనం వాదులాడుకుంటారు కనుక, "ఆ రోజుతో కలిపి" అని రెండు మాటలు ఎక్కువ రాయడం మేలు.

ఇలాంటి ప్రశ్నలు మీ ఉత్తరంలో ఇంకా ఉన్నాయి. వాటిని రాతలో మీరే సరిదిద్దకుండా పెదనాన్న గారిని అడగాలి. ఆయన "సరుకంతా తడిపారు" అంటారు, మరుసటి వాక్యంలోనే "18 టిక్కీలు" అంటారు. ఎల్‌ఆర్ ప్రకారం 240లో 18. ఇది సందేహం లేనిది కనుక, మార్చి ఆయనకు చెబితే సరిపోతుంది. పట్టా చిరిగి ఉండడం ఎవరు చూశారు? చెన్నైలో సరుకు దింపించుకున్న మనిషి చూసి ఫోనులో చెప్పి ఉంటే, "అని చెప్పారు" అని రాయాలి. ఫోటో ఉంటే "చిరిగి ఉంది" అనే రాయవచ్చు. మూడవసారి అన్నదానికి మీ పుస్తకాల్లో పాత ఎల్‌ఆర్‌లు ఉన్నాయా? రెండే దొరికితే ఆ సంగతి ఆయనతో చెప్పండి. ఆయన గుర్తు మీద మూడు అంటే మూడే రాయాలి గానీ, మీరు మెల్లగా "పలుమార్లు" అని మార్చకూడదు. నష్టం రూ. 94,500 ఎలా వచ్చిందో కూడా అడగండి. టిక్కీ 42 కిలోల చొప్పున 18 టిక్కీలు 756 కిలోలు, క్వింటాలు రూ. 12,500 లెక్కన సరిగ్గా అంతే వస్తుంది కనుక, ఆయన అలాగే వేసి ఉంటారనుకుంటున్నాను. తడిసిన కాయలను ఎండబెట్టి తాలు ధరకు అమ్మి ఉంటే, ఆ వచ్చిన డబ్బు ఇందులో తీసేశారో లేదో తెలియాలి. కోర్టు మాట నిజంగా ఉద్దేశించినదా, కోపంలో వచ్చినదా? ఇది అడగడానికి మీకు మొహమాటంగా ఉండవచ్చు. "పెదనాన్నా, కోర్టు మాట ఉంచమంటారా, తీసేయమంటారా" అని సూటిగా అడిగితే చాలు. ఉంచమంటే గట్టిగా ఉంచాలి, వద్దంటే పూర్తిగా తీసేయాలి. "ఇతర మార్గాలను అన్వేషించే అవకాశం లేకపోలేదు" వంటి మాటతో రెండూ కాకుండా చేయవద్దు.

మరి మర్యాద ఎక్కడ పెట్టాలి? అంకె, తేదీ, షరతు, క్రియ, ఈ నాలుగింటినీ ముట్టుకోకుండా వాటి చుట్టూ ఎంతైనా పెట్టవచ్చు. సంబోధనలో, "దయచేసి"లో, "మీరు"లో, తిట్టు లేకపోవడంలో, నిందకు ముందు ఆధారం చెప్పడంలో మర్యాద ఉంటుంది. ఆయన మీ ప్రశ్నలకు పై విధంగానే సమాధానాలిచ్చారనీ, పట్టా సంగతి చెన్నై గుమాస్తా చెప్పినదేననీ, కోర్టు మాట ఉంచమన్నారనీ అనుకొని, నేనైతే ఇలా రాస్తాను:

"గౌరవనీయులైన మేనేజరు గారికి, నమస్కారం.

2025 మే 12న గుంటూరులో మీ వద్ద బుక్ చేసి చెన్నైకి పంపిన 240 టిక్కీల ఎండుమిర్చిలో 18 టిక్కీలు తడిసి చేరాయి. సరుకు దించేటప్పుడే ఈ సంగతి ఎల్‌ఆర్ మీద రాయించాము. దాని మీద మీ డ్రైవరు సంతకం ఉంది. నకలు జత చేస్తున్నాము. లారీకి కప్పిన పట్టా చిరిగి ఉందని సరుకు దింపించుకున్న మా గుమాస్తా చెప్పారు. మీ లారీల్లో మా సరుకు తడవడం ఇది మూడవసారి.

ఈ నష్టం కింద మీరు మాకు రూ. 94,500 చెల్లించవలసి ఉంది. దయచేసి ఈ మొత్తం 2025 జూన్ 14వ తేదీ శనివారం లోగా, ఆ రోజుతో కలిపి, మా ఖాతాలో జమ అయ్యేట్టు చూడండి. అది అందితే, మేము మీకు ఇవ్వవలసిన మిగిలిన కిరాయి రూ. 32,000 జూన్ 20వ తేదీ శుక్రవారం లోగా చెల్లిస్తాము. అందకపోతే, జూలై 1 నుంచి మీ లారీల్లో మా సరుకు ఎక్కించము. నష్టం రాబట్టుకోవడానికి కోర్టుకు వెళ్తాము."

ఇందులో ఒక్క పరుషమైన మాట లేదు. పెదనాన్న గారి జాబితాలోనిది ఒక్కటీ పోలేదు. డ్రైవరు తాగుడు సంగతి మాత్రం లేదు, ఎందుకంటే అది ఆయన తెలుసునని చెప్పినది కాదు. దాన్ని వదిలేశానని ఆయనకు నేను చెబుతాను, చెప్పకుండా వదిలేయను. "చెల్లించవలసి ఉంది" అన్నది "కట్టి తీరాలి" అంత ఘాటుగా వినిపించకపోవచ్చు గానీ, బాధ్యత అంతే ఉంది. "20వ తేదీకి" అన్నదాన్ని "20వ తేదీ లోగా" చేశాను. మొదటిదానికి సరిగ్గా ఆ రోజునే అన్న అర్థం కూడా తీయవచ్చు కనుక, ఈ మార్పు కూడా ఆయనకు చూపించవలసినదే. "మీ లారీ గేటు దాటదు" అన్నదాన్ని "సరుకు ఎక్కించము" అన్నాను. వేరే వ్యాపారి సరుకు దించడానికి అదే లారీ మీ గోడౌనుకు వస్తే ఆపుతారా అన్నది ఆయన చెప్పాలి. ఆపుతామంటే ఈ వాక్యం సరిపోదు.

వరస కూడా చూడండి. మెత్తబరచిన ఉత్తరాల్లో ముందు ఒక పేరా యోగక్షేమాలు, పాత స్నేహాలు వచ్చి, గడువు ఎక్కడో చివరికి జారిపోతుంది. అన్ని మాటలూ ఉన్నా, చదివేవారి దృష్టికి రావలసినవి రావు. ఈ ఉత్తరాన్ని వాట్సాప్‌లో కూడా పంపేట్టయితే మొదటి కొన్ని పంక్తులే ముందు కనిపిస్తాయి. వాటిలో బుకింగ్ తేదీ, 18 టిక్కీలు, సంతకం ఉన్నాయి. ఇంకా ముందుకు తేవాలనుకుంటే పైన "విషయం" దగ్గర మొత్తాన్నీ గడువునూ రాయవచ్చు.

గట్టిదనం పోకుండా చూడమని ఇంత పట్టుబట్టడానికి మీ విషయంలో చట్టపరమైన కారణం కూడా ఒకటి ఉంది. 2007 నాటి కేరేజ్ బై రోడ్ చట్టం ప్రకారం, సరుకు పోయినా పాడైనా రవాణాదారు మీద దావా వేయాలంటే, దావాకు ముందే, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోగా, ఆ నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. మే 12 నుంచి లెక్కిస్తే అది నవంబరు 8 దగ్గరికి వస్తుంది. "కొంత తడిసినట్లు మా దృష్టికి వచ్చింది, పరిశీలించగలరు" అన్న ఉత్తరంలో బుకింగ్ తేదీ లేదు, ఎన్ని టిక్కీలో లేదు, ఎంత నష్టమో లేదు, అడుగుతున్నామన్న మాట కూడా లేదు. అది నోటీసు కిందికి వస్తుందా అని వాదించుకోవలసిన పరిస్థితి మీకు అవసరం లేదు. పై ఉత్తరంలో ఆ వివరాలన్నీ ఉన్నాయి గానీ, కోర్టు మాట నిజంగానే ఉద్దేశించినదైతే పంపే ముందు వకీలుకు ఒకసారి చూపించండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి.

పెదనాన్న గారి చేతిరాత ప్రతిని పారేయవద్దు. దాని మీద మీరు అడిగిన ప్రశ్నలు, ఆయన ఇచ్చిన జవాబులు పెన్సిలుతో రాసి, పంపిన ఉత్తరం నకలుతో కలిపి ఎల్‌ఆర్ ఫైలులో పెట్టండి. లారీ ఆఫీసు నుంచి ఫోను వస్తే, "ఇంకో వారం చూడండమ్మా" అని అడిగితే, మర్యాద కొద్దీ "సరేలెండి" అనకండి. "పెదనాన్న గారిని అడిగి చెబుతాను" అనండి. ఆయన ఒప్పుకుంటే, 14వ తేదీ స్థానంలో ఏ తేదీ వచ్చిందో, దానితో పాటు కిరాయి ఇచ్చే 20వ తేదీ కూడా జరుగుతుందో లేదో, జూలై 1 అలాగే ఉంటుందో లేదో, మూడూ తేల్చుకొని ఆ రోజే వారికి రాతలో పంపండి.